తెల్లవారుజామున విమానం: క్యాబ్‌కు ఏ సందేశం పంపాలి, ఎంత ముందు రమ్మనాలి

విశాఖపట్నం నుంచి పొద్దున్నే విమానం ఎక్కవలసినవారు ముందురోజు సాయంత్రం ట్రావెల్స్‌కో, తెలిసిన డ్రైవరుకో పంపే వాట్సాప్ సందేశం సాధారణంగా రెండు ముక్కల్లో ముగుస్తుంది. విమానం ఎన్నింటికో చెప్పి, టైముకు రమ్మంటారు. ఆ "టైము" ఎవరి లెక్కలో ఏమిటన్నది మాత్రం ఎవరూ రాయరు. ఒకే ప్రయాణానికి మూడు రకాల సందేశాలు పంపితే ఏమవుతుందో ఇక్కడ పోల్చి చూపుతున్నాను. మొదటిదానిలో ముందుజాగ్రత్త సమయాన్ని డ్రైవరుకే వదిలేస్తాము, మిగతా రెండింటిలో మనమే కలుపుతాము. తేడా అంతా ఆ సమయాన్ని ఎక్కడ కలిపామన్నదానిలో ఉంది.

ప్రయాణం ఇది. ఎంవీపీ కాలనీ సెక్టార్ 6లో ఉండే భార్యాభర్తలు, వారితోపాటు డెబ్బై దాటిన అత్తగారు, చెక్-ఇన్ చేయవలసిన రెండు పెద్ద పెట్టెలు. నవంబరు 14, శుక్రవారం ఉదయం 6:45కు హైదరాబాదు విమానం. ఇంటి నుంచి ఇసుకతోట దగ్గర జాతీయ రహదారి ఎక్కి, మద్దిలపాలెం, గురుద్వారా, తాటిచెట్లపాలెం, కంచరపాలెం మీదుగా ఎన్‌ఏడీ వంతెన దాటి విమానాశ్రయానికి చేరడానికి సుమారు 13, 14 కిలోమీటర్ల దూరం ఉంటుంది. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుంది కనుక అరగంట లెక్కవేసుకుంటే ధారాళంగా సరిపోతుంది.

లెక్కను విమానం బయలుదేరే సమయం నుంచి వెనక్కి వేయకూడదు. పెట్టెలు ఉన్నవారికి అసలు గడువు 6:45 కాదు, 5:45. ఇండిగో వంటి సంస్థలు దేశీయ ప్రయాణాలకు విమానం బయలుదేరడానికి 60 నిమిషాల ముందే చెక్-ఇన్ కౌంటరు మూసేస్తాయి. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారన్నది చాలామందికి గుర్తుంటుంది కానీ, పెట్టె చేతిలో ఉన్నవారికి ఆ అంకెతో పని లేదు, ఎందుకంటే వారు ఆగిపోయేది అంతకు ముందే, కౌంటరు దగ్గరే. మీ టికెట్‌పై వేరే సమయం రాసి ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. టెర్మినల్ తలుపు దగ్గర గుర్తింపు కార్డులు చూపించే వరుస, లోపల పెట్టెల వరుస, పెద్దావిడ నడక, ఇవన్నీ కలిపి 45 నిమిషాలు పెట్టుకుంటే తలుపు దగ్గరికి 5:00కు చేరాలి. రోడ్డుకు అరగంట తీసేస్తే ఇంటి దగ్గర 4:30కు బయలుదేరాలి. లిఫ్టులో పెట్టెలు దింపి, డిక్కీలో సర్ది, పెద్దావిడను కూర్చోబెట్టడానికి 15 నిమిషాలు పోనిస్తే బండి 4:15కు గేటు దగ్గర ఉండాలి. ఈ నాలుగు అంకెలు, అంటే 5:45, 5:00, 4:30, 4:15, కాగితం మీద వేసుకున్న తరువాతే సందేశం రాయడం మొదలుపెట్టాలి.

మొదటి రకం సందేశం దాదాపు అందరూ పంపేది.

"నమస్కారం అండి. రేపు ఉదయం 6:45కు ఫ్లైట్ ఉంది. ఎయిర్‌పోర్ట్ పికప్‌కు బండి కావాలి. టైముకు పంపించండి."

ఇందులో లెక్కంతా డ్రైవరుకు వదిలేశాము. అనుభవం ఉన్న డ్రైవరైతే సుమారుగా సరైన సమయానికే వస్తాడు, కానీ మీకు చెక్-ఇన్ పెట్టెలు ఉన్నాయో లేదో, వెంట పెద్దవారు ఉన్నారో లేదో అతనికి తెలియదు. చేతిసంచీతో వెళ్ళే ఉద్యోగిని దింపే లెక్కలో అతను 4:45కు వస్తే తప్పు అతనిది కాదు. అంతకన్నా పెద్ద చిక్కు "పికప్" అన్న మాటలో ఉంది. మనకు పికప్ అంటే మన ఇంటి దగ్గర ఎక్కించుకోవడం. ట్రావెల్స్ వారి వాడుకలో ఎయిర్‌పోర్ట్ పికప్ అంటే విమానం దిగి వచ్చినవారిని తీసుకురావడం, ఇంటి నుంచి తీసుకువెళ్ళి దింపడాన్ని వారు "డ్రాపింగ్" అంటారు. ఈ తేడా నాకు ఒక తెల్లవారుజామున తెలిసివచ్చింది. నేను పెట్టెలతో అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే, డ్రైవరు ఎంతో మర్యాదగా, "నేను ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నానండీ, మీరు బయటకు వచ్చారా?" అని అడిగాడు. అతను సమయానికే వచ్చాడు, ఊరికి ఆ చివర. నేను రాసిన మాటనే అతను తన భాషలో చదువుకున్నాడు కనుక కోప్పడే హక్కు కూడా నాకు మిగలలేదు.

"రేపు" అన్న మాట కూడా ఇలాంటిదే. గురువారం సాయంత్రం ఏడింటికి పంపిన సందేశంలో రేపు అంటే శుక్రవారం. అదే సందేశాన్ని డ్రైవరు డ్యూటీ ముగించుకుని రాత్రి పన్నెండు దాటాక చదివితే అతని రేపు శనివారం అవుతుంది. మన వాడుకలో "గురువారం తెల్లవారితే శుక్రవారం" అన్న మాట ఊరికే పుట్టలేదు. తెల్లవారుజాము ఏ రోజుకు చెందుతుందన్న సందేహం పాతదే. తేదీ, వారం రెండూ కలిపి రాస్తే ఆ సందేహానికి చోటు ఉండదు.

రెండో రకం, ఒకసారి విమానం తప్పిపోయిన అనుభవం ఉన్నవారు రాసేది.

"రేపు ఉదయం 5:45కు ఫ్లైట్ అండి. 3:15కల్లా బండి ఇంటి దగ్గర ఉండాలి. ఆలస్యం కాకూడదు."

విమానం సమయాన్ని గంట ముందుకు జరిపి చెప్పడం, దాని మీద మరికొంత కలపడం ఇందులోని ఉపాయం. పైకి ఇది భద్రంగా కనిపిస్తుంది, మొదటిసారి పనిచేస్తుంది కూడా. అయితే రోజూ ఆ దారిలో తిరిగే డ్రైవరుకు ఉదయపు విమానాలు ఎన్నింటికి ఉంటాయో సుమారుగా తెలుసు. చెప్పిన సమయానికి వచ్చి గంటసేపు గేటు దగ్గర కూర్చున్నవాడు తరువాతిసారి మీరు చెప్పిన సమయం నుంచి తనంతట తానే అరగంట కోసుకుంటాడు. వెయిటింగ్ చార్జీ అడిగితే ఇవ్వడం న్యాయం. ఇంకొక నష్టం మన ఇంట్లోనే జరుగుతుంది. 3:15 నిజమైన గడువు కాదని మనకు తెలుసు కనుక స్నానాలు, కాఫీలు దాన్ని లెక్కచేయవు, చివరికి బయలుదేరేది 4:30కే. అంటే కలిపిన సమయమంతా డ్రైవరు నిద్ర నుంచి వచ్చింది తప్ప ప్రయాణానికి ఏమీ చేకూర్చలేదు.

ఈ రెండో రకానికి ఒక మూలమైన లోపం ఉంది, దానిని కొంచెం వివరంగా చెప్పాలి. తెల్లవారుజామున విమానం తప్పిపోవడానికి కారణం చాలావరకు రోడ్డు కాదు. నాలుగింటికి గురుద్వారా దగ్గర బండ్లు బారులు తీరి ఉండవు. అసలు ప్రమాదం డ్రైవరు లేవకపోవడం, ఫోన్ స్విచ్ఛాఫ్ అయి ఉండడం, రాత్రి వేరే డ్యూటీ తగిలి దూరంలో ఉండిపోవడం, ట్రావెల్స్‌లో బుకింగ్ రాసుకున్నవారు డ్రైవరుకు చెప్పడం మరిచిపోవడం. ఇవి జరిగినప్పుడు మీకు కావలసింది మరో బండి దొరికే వ్యవధి. అందుచేత కలపవలసిన సమయం ఎంత అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే: ఆ వేళలో మీ ఇంటి దగ్గరికి మరో బండి రావడానికి ఎంత పడుతుందో అంత. ఎంవీపీ కాలనీ వంటి చోట దానికి 25 నిమిషాలు పెట్టుకుంటాను. మధురవాడ లోపలి లేఅవుట్లలోనో, పెందుర్తి అవతలో ఉంటే ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి.

ఆ 25 నిమిషాలను పొందడానికి రెండు దారులున్నాయి. బండిని ఇంకా 25 నిమిషాలు ముందు రమ్మనవచ్చు, లేదా బండి రాదన్న సంగతిని 25 నిమిషాలు ముందు తెలుసుకోవచ్చు. రెండో దారికి ఖర్చు ఒక్క ఫోన్ కాల్ మాత్రమే. మూడో రకం సందేశం దీని మీదే నిలబడి ఉంది.

"నమస్కారం అండి. ఎయిర్‌పోర్ట్ డ్రాపింగ్‌కు బండి కావాలి (ఇంటి నుంచి ఎన్‌ఏడీ అవతలి ఎయిర్‌పోర్ట్‌కు).
తేదీ: నవంబరు 14, శుక్రవారం తెల్లవారుజామున, అంటే ఈ రోజు గురువారం రాత్రి గడిచాక.
బండి గేటు దగ్గర ఉండవలసిన సమయం: 4:15. మేము బయలుదేరేది: 4:30. ఎయిర్‌పోర్ట్ చేరవలసింది: 5:00.
చోటు: ఎంవీపీ కాలనీ సెక్టార్ 6, అపార్ట్‌మెంటు మెయిన్ గేటు. లొకేషన్ కింద పంపుతున్నాను.
ముగ్గురం, ఒకరు పెద్దావిడ. పెద్ద పెట్టెలు రెండు, చేతిసంచీలు రెండు. డిక్కీ ఖాళీగా ఉండాలి.
డ్రైవర్ గారి పేరు, నంబరు, బండి నంబరు ఈ రాత్రి 9 లోపు పంపండి. ఉదయం 3:45కు బయలుదేరుతూ ఒక్క ఫోన్ చేయమనండి. 3:50 వరకు ఫోన్ రాకపోతే మేము చేస్తాము. ఎత్తకపోతే వేరే బండి చూసుకుంటాము.
పార్కింగుతో కలిపి ఎంతవుతుందో ఇప్పుడే చెప్పండి."

ఇది పొడవుగా ఉందన్నది నిజమే. కానీ ఇందులో చదివేవారు ఊహించుకోవలసింది ఏదీ లేదు, ప్రతి వరుసా ఒక ఫోన్ కాల్‌ను తప్పిస్తుంది. డ్రైవరుకు అసలు విమానం సమయం చెప్పకపోయినా ఫరవాలేదని గమనించండి. అతనికి కావలసినవి మూడు అంకెలే. 4:15కు, 4:30కు మధ్య తేడాను దాచకుండా రాయడం వల్ల అతను 4:20కి వచ్చినా మీకు గుండె దడ ఉండదు, మీరు ఐదు నిమిషాలు ఆలస్యంగా దిగినా అతనికి విసుగు ఉండదు. ఆ పావుగంట ఎవరికి ఎందుకుందో ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఇది విఫలమైన రోజు ఎలా నడుస్తుందో చూద్దాం. 3:50 అయింది, ఫోన్ రాలేదు. మీరు చేశారు, ఎవరూ ఎత్తలేదు. ఆ క్షణమే ఫోన్‌లోని యాప్‌లో బండి వెతకడం మొదలుపెడతారు. 25 నిమిషాలు పట్టినా ఆ బండి 4:15కు గేటు దగ్గర ఉంటుంది, మీ లెక్కలో ఒక్క నిమిషం కూడా పోదు. అదే 3:45 ఫోన్ అన్న షరతు లేకపోయి ఉంటే, 4:15 వరకు గేటు దగ్గర చూసి, అప్పుడు వెతకడం మొదలుపెట్టి, 4:40కి బండి దొరికి, హడావిడిగా 4:45కు బయలుదేరి 5:15కు చేరుతారు. కౌంటరు మూయడానికి అరగంటే మిగులుతుంది. అందుతుంది, కానీ పెద్దావిడను వరుసలో పరుగెత్తించాలి. ఇక మొదటి సందేశం పంపి డ్రైవరు 4:45కు వస్తాడన్న ఊహతో కూర్చున్నవారు అతను రాలేదని గ్రహించేసరికి ఐదవుతుంది. బండి దొరికేది 5:25కు. సామాన్లు సర్ది అరగంట ప్రయాణించాక కౌంటరు మూసి పదిహేను నిమిషాలు అవుతుంది.

డిక్కీ ఖాళీగా ఉండాలన్న వాక్యం గురించి ఒక మాట. ఇప్పుడు క్యాబులలో చాలా వాటికి వెనుక సీఎన్‌జీ సిలిండరు ఉంటుంది. చిన్న కార్లలో అది డిక్కీలో సగానికి పైగా ఆక్రమిస్తుంది, పెద్ద పెట్టె ఒకటి పట్టడమే కష్టం. రెండో పెట్టెను ముందు సీటులోనో, పెద్దావిడ కాళ్ళ దగ్గరో పెట్టవలసి వస్తే ఆ సర్దుబాటుకే పది నిమిషాలు పోతాయి. పెట్టెల సంఖ్య ముందే రాస్తే ట్రావెల్స్ వారు తగిన బండిని పంపుతారు. గ్యాస్ ముందురోజు రాత్రే పట్టించుకోమని కూడా ఒక మాట అనవచ్చు. తెల్లవారుజామున బంకు దగ్గర వరుసలో ఉన్నానని డ్రైవరు చెప్పడం వినడానికి మామూలుగానే ఉంటుంది కానీ, గడియారం చూసుకుంటూ వినవలసిన మాట కాదది.

ఇక బండి ఎవరి దగ్గర మాట్లాడాలన్న ఎంపిక. తెలిసిన డ్రైవరు, ట్రావెల్స్, యాప్ అని మూడు దారులు ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటల మధ్య బయలుదేరేవారికి నేను తెలిసిన డ్రైవరునో, మంచి ట్రావెల్స్‌నో సూచిస్తాను, యాప్‌ను చేతిలో రెండో ఆయుధంగా ఉంచుకోమంటాను. యాప్‌లో ముందుగా బుక్ చేసుకునే సౌకర్యం ఉన్నా, చాలాసార్లు డ్రైవరు ఎవరన్నది బయలుదేరే వేళ దగ్గరపడ్డాకే ఖరారవుతుంది, కనుక 3:45 ఫోన్ అన్న ఏర్పాటుకు అక్కడ మనిషే ఉండడు. తెలిసిన డ్రైవరుతో ఉన్న బలహీనత వేరు. అతను ఒక్కడే. జ్వరం వస్తే బదులు పంపడానికి అతని వెనుక ఎవరూ లేరు. ట్రావెల్స్‌లో బదులు ఉంటుంది కానీ, మీ సందేశం ఆఫీసులో చదివినవారి నుంచి డ్రైవరు దాకా చేరేసరికి సగమే మిగులుతుంది. అందుకే రాత్రి 9 గంటలకు డ్రైవరు నంబరు చేతికి రాగానే, పై సందేశాన్నే అతనికి కూడా నేరుగా పంపాలి. అతను చదివినట్లు గుర్తు పడితే చాలదు, "సరే, 4:15" అని అంకెతో తిరిగి రాయమని అడగాలి. వట్టి "ఓకే" అన్న జవాబు ఏ అంకెకు ఓకేనో చెప్పదు.

యాప్‌లోనే బుక్ చేసుకుంటే డ్రైవరు ఖరారైన వెంటనే సందేశాల పెట్టెలో చిన్నదిగా రాయవచ్చు:

"నమస్కారం. ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళాలి, పెద్ద పెట్టెలు రెండు ఉన్నాయి. మెయిన్ గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాము. బయలుదేరారా?"

చివరి ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు రాకపోయినా, మ్యాప్‌లో బండి గుర్తు కదలకపోయినా ఆ బండి రాదనే అనుకోవాలి. "దారిలో ఉన్నాను" అని రాస్తూ బొమ్మ మాత్రం అక్కడే ఉంటే బొమ్మనే నమ్మాలి.

సాయంత్రపు విమానానికి ఈ లెక్క తిరగబడుతుంది. అదే కుటుంబం రాత్రి 7:30కు బయలుదేరే విమానం ఎక్కాలనుకుందాం. కౌంటరు గడువు 6:30, తలుపు దగ్గరికి 5:45. ఆ వేళలో బండ్లకు కొరత ఉండదు. డ్రైవరు రాకపోతే పది నిమిషాల్లో మరొకరు వస్తారు. కానీ మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ దాకా, ఆఫీసులు విడిచే వేళ దగ్గరపడే కొద్దీ రోడ్డు నిండుతుంది. కనుక ఇక్కడ కలపవలసిన సమయం రోడ్డుకే కలపాలి. అరగంట బదులు గంట. 4:45కు కదలాలి, 4:30కు బండి ఉండాలి. 3:45 ఫోన్ వంటి షరతు దీనికి అక్కరలేదు, యాప్‌తో పని జరిగిపోతుంది. అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం ఉండి వాన పడుతుంటే యాప్ మీద పూర్తిగా ఆధారపడకండి, అప్పుడు బండ్లూ తగ్గుతాయి, రోడ్డూ నెమ్మదిస్తుంది, రెండు ప్రమాదాలూ ఒకేసారి వస్తాయి.

ఎక్కే చోటు గురించి, బీచ్ రోడ్డు హోటళ్ళలో దిగినవారు ఒక సంగతి చూసుకోవాలి. ఆర్కే బీచ్ వెంట కొంత మేర తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం వాహనాలను ఆపుతారు. హోటల్ గుమ్మం దగ్గరికి బండి వస్తుందా, వెనుక వీధిలోకి నడవాలా అన్నది రాత్రే రిసెప్షన్‌లో అడిగి, ఆ చోటునే సందేశంలో రాయాలి. పెట్టెలు లాక్కుంటూ సముద్రం పక్కన నడవడం బాగానే ఉంటుంది కానీ, దానికి లెక్కలో నిమిషాలు కేటాయించలేదు.

విమానాశ్రయం పేరు కూడా సందేశంలో ఉండడం మంచిది. ఇప్పటిదాకా విశాఖలో ఎయిర్‌పోర్ట్ అంటే ఎన్‌ఏడీ అవతల, నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాతో కలిసి ఉన్నదే. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త విమానాశ్రయం నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది. మీ టికెట్‌పై భోగాపురం ఉంటే ఎంవీపీ కాలనీ నుంచి బండి హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, తగరపువలస మీదుగా వెళ్ళాలి, పై లెక్కలోని అరగంట చోట కనీసం గంట పెట్టుకోవాలి. గాజువాకవారికి ఊరంతా దాటవలసి వస్తుంది కనుక ఇంకా ఎక్కువ. పాత అలవాటుతో "ఎయిర్‌పోర్ట్‌కు" అని మాత్రం రాస్తే డ్రైవరు ఎటు మలుపు తిప్పుతాడో అతని అలవాటు మీద ఆధారపడుతుంది.

చివరిగా, విమానం ఆలస్యమని రాత్రి పదింటికి సందేశం వస్తే ఏం చేయాలన్నది. విమానసంస్థ ఆలస్యాన్ని తరువాత తగ్గించవచ్చు, కౌంటరు గడువును పాత సమయం ప్రకారమే పాటించవచ్చు. అందుచేత గంట ఆలస్యం అన్నారని బండిని గంట వెనక్కి జరపకూడదు. ముందు విమానసంస్థకు ఫోన్ చేసి కౌంటరు ఎన్నింటికి మూస్తారో కనుక్కోవాలి. జవాబు స్పష్టంగా దొరకకపోతే బండి సమయాన్ని అసలు కదపకుండా ఉంచడమే నా పద్ధతి. కొత్త గడువు 6:45 అని వారు కచ్చితంగా చెప్పి, సమయం మార్చవలసి వస్తే, ఆలస్యం తరువాత తగ్గినా ఇబ్బంది లేకుండా బండిని అరగంట మాత్రమే వెనక్కి జరిపి, పాత సందేశం కిందే, పాత అంకెను కూడా చూపిస్తూ రాయాలి, ఎందుకంటే తెల్లవారుజామున నిద్రమత్తులో ఫోన్ తెరిచే డ్రైవరు కంటికి ఏ సందేశం ముందు పడుతుందో చెప్పలేము.

"డ్రైవర్ గారూ, మార్పు గమనించండి. నవంబరు 14, శుక్రవారం తెల్లవారుజామున 4:15 కాదు, 4:45కు గేటు దగ్గర ఉండండి. బయలుదేరేటప్పుడు చేసే ఫోన్ 3:45 కాదు, 4:15కు. మిగతావన్నీ అవే. '4:45' అని జవాబు రాయండి."